కుడి చెంపకు 55, ఎడమ చెంపకు 47: ముఖం మీద ఎండ, బీడీ, నిద్రలేమి లెక్క విడదీసే పద్ధతి

మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు బియ్యం లోడు తోలే లారీ డ్రైవర్ ఒకాయన తొడల్లో తామర వచ్చిందని నల్లగొండలో నా దగ్గరికి వచ్చాడు. యాదగిరి అనుకుందాం, అసలు పేరు అది కాదు. మందు రాసిచ్చాక లేవబోతుంటే పక్కనున్న ఆయన భార్య ఆపింది. "మేడం, ఈయన ముఖం ఒక్కసారి చూడుండ్రి. నలభై రెండేండ్లే. మొన్న పెండ్లికి పోతే అందరు మా నాయన అనుకున్నరు" అంది. ఆయన నవ్వాడు కానీ, ఆ మాట ఆయనకు గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది.

కిటికీ వైపు తిరిగి కూర్చోమన్నాను. ముందు ఎడమ చెంప చూశాను. వయసు తెలియకుండా ఆ వైపు మాత్రమే చూపిస్తే 47 అని ఉండేదాన్ని. కుడివైపు తిప్పమన్నాను. కణత నుంచి దవడ దాకా చర్మం మొద్దుబారి, గోధుమరంగు మచ్చలు పరుచుకుని, కంటి చివర నుంచి నాలుగు లోతైన గీతలు చెంప మీదికి దిగాయి. ఆ వైపు 55 ఉంటుంది. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే వంశం, రెండు వయసులు.

ఈ ముఖం దొరకడం వల్లే ఇది రాస్తున్నాను. ముఖం ముదిరిపోవడానికి ఎండ ఎంత, పొగ ఎంత, నిద్రలేమి ఎంత అని అడిగితే మామూలుగా విడదీసి చెప్పడం కష్టం. డ్రైవర్ ముఖం మీద అది సాధ్యమవుతుంది. పొగ, నిద్రలేమి రెండు చెంపలనూ సమానంగా పట్టుకుంటాయి. ఎండ మాత్రం కిటికీ వైపున్న చెంపనే ఎక్కువ పట్టుకుంటుంది. కాబట్టి రెండు చెంపలకూ ఉన్న తేడా ఎండది. రెండింటికీ సమానంగా ఉన్నదానిలో పొగ, నిద్ర, అసలు వయసు కలిసి ఉంటాయి. తీసివేత లెక్క లాంటిదే. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రిక 28 ఏళ్లు ట్రక్కు తోలిన 69 ఏళ్ల మనిషి ఫొటో వేసింది. అక్కడ డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి ఆయన ఎడమ చెంప ముడతలు పడి వేలాడింది. మన దగ్గర అది కుడి చెంప.

మీరు డ్రైవర్ కాకపోయినా ఈ లెక్క పనికొస్తుంది. ఎండ తగలని చర్మం అందరి ఒంటి మీదా ఉంటుంది కదా.

మొదటి అడుగు: ఫొటో తీసి, సొంత చర్మంతోనే పోల్చుకోవడం

పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో ఇంటి గడప లోపల, తెరిచిన తలుపుకు ఎదురుగా నిలబడండి. ఎండ నేరుగా ముఖం మీద పడకూడదు, వెలుతురు రెండువైపులా సమానంగా రావాలి. ముఖం కడుక్కుని పది నిమిషాలు ఆగాక, వేరే వాళ్లతో వెనక కెమెరాతో తీయించుకోండి. సెల్ఫీ కెమెరా ముక్కును పెద్దది చేస్తుంది, చాలా ఫోన్లలో చర్మాన్ని నునుపుగా కూడా చూపిస్తుంది. బ్యూటీ మోడ్, ఫ్లాష్ ఆపేయండి. ఎదురుగా ఒకటి, కుడి, ఎడమ ఒక్కొక్కటి, మొత్తం మూడు చాలు. నవ్వకుండా, కళ్లు చిట్లించకుండా దిగండి.

తర్వాత చొక్కా చేయి పైకి మడిచి, చంక దగ్గర లోపలివైపు చర్మాన్ని చూసుకోండి. అది మీ క్యాలెండర్ చర్మం, అంటే అసలు వయసు మాత్రమే చూపించేది. దానికి ఎండ దాదాపు తెలియదు. దాన్ని ముంజేతి పైభాగం పక్కన పెట్టి చూడండి. యాదగిరి కుడి ముంజేయి కిటికీ మీద ఆనించి ఆనించి బెల్లం పాకం రంగుకు తిరిగింది, గరుకుగా ఉంది. లోపలి చర్మం మాత్రం ఇరవై ఏళ్ల కుర్రాడి చర్మంలా నున్నగా ఉంది. "ఇది కూడా నాదేనా మేడం?" అని ఆయనే వేలితో తడిమి చూసుకున్నాడు. ఆ రెండు చర్మాలూ ఒకే రోజు పుట్టాయని అర్థమయ్యాక నేను చెప్పాల్సింది సగం అయిపోయింది.

రెండో అడుగు: ఏ గుర్తు దేనిదో చదవడం

ఎండ గుర్తులు మన నలుపు, చామనచాయ చర్మంలో ముడతలతో మొదలుకావు, మచ్చలతో మొదలవుతాయి. మన చర్మంలోని రంగు పదార్థం గొడుగులా కొంత కాపాడుతుంది కాబట్టి ముడతలు ఆలస్యంగా వస్తాయి. కానీ ఆ గొడుగే అక్కడక్కడా చిక్కబడి మంగు మచ్చలవుతుంది. "నేను నల్లగా ఉన్నా, నాకు ఎండ ఏం చేస్తది" అనేవాళ్లు ఈ మచ్చలను ఎండ ఖాతాలో వేసుకోరు, వేడి చేసింది అనుకుంటారు. ఆ తర్వాత చర్మం పసుపుపచ్చగా మొద్దుబారడం, కణతల మీద గరుకు, మెడ వెనక డైమండ్ గడుల్లా పగుళ్లు వస్తాయి. మా నాయన వ్యవసాయం చేసేవాడు. ఆయన మెడ వెనక ఆ గడులు ఎండిన చెరువు మట్టిలా ఉండేవి. చిన్నప్పుడు అది వయసు అనుకున్నాను. చొక్కా కాలరు కింద ఆయన వీపు నున్నగా ఉండేదన్న సంగతి డాక్టరయ్యాకే గుర్తొచ్చింది.

పొగ గుర్తులు ముఖ్యంగా నోటి చుట్టూ ఉంటాయి. పైపెదవి మీద నిలువు గీతలు, పెదవులు నల్లబడటం, చెంపలు లోపలికి పోవడం, చర్మం బూడిదరంగుకు తిరగడం కనిపిస్తాయి. 1985లోనే ఒక బ్రిటిష్ వైద్యుడు దీనికి 'పొగతాగేవాడి ముఖం' అని పేరు పెట్టాడు. ఇందులో బీడీ ప్రత్యేకత ఒకటుంది. తునికాకు గాలిని లోపలికి రానివ్వదు, అందుకే బీడీ ఆరిపోకుండా ఉండాలంటే సిగరెట్ కంటే ఎక్కువసార్లు, గట్టిగా పీల్చాలి. ఒక్కో పీల్పుకు పెదవులు మూతిముడుపు పడతాయి, పొగకు కళ్లు చిట్లుతాయి. రోజుకు కట్ట బీడీలు తాగితే ఆ కదలిక ఎన్ని వందలసార్లు జరుగుతుందో లెక్క వేసుకోండి. పైన ఇది, లోపల పొగ రక్తనాళాలను బిగిస్తుంది, చర్మాన్ని నిలబెట్టే కొల్లాజెన్ అనే దారాలను కోసే ఎంజైములను పెంచుతుంది. ఎండ పెంచేదీ ఆ ఎంజైములనే. ఒకే పందిరి గుంజలను రెండు గొడ్డళ్లు కొడుతున్నట్టు.

నిద్రలేమి గుర్తులు కంటి చుట్టూ ఉంటాయి. స్వీడన్‌లో కొందరిని బాగా నిద్రపోయాక ఒకసారి, రాత్రంతా మేలుకున్నాక ఒకసారి ఫొటో తీసి, సంగతి చెప్పకుండా వేరేవాళ్లకు చూపించారు. మేలుకున్న ఫొటోల్లో రెప్పలు వాలినట్టు, కళ్లు ఎర్రగా, కింద ఉబ్బి నల్లగా, పెదవి చివరలు కిందికి జారినట్టు, ముడతలు ఎక్కువైనట్టు కనిపించాయని వాళ్లన్నారు. ఇది ఒక్క రాత్రి పని. అందుకే నిద్రలేమి పోగొట్టే అందంలో చాలా భాగం తిరిగి వస్తుంది. ఎండ, పొగ పోగొట్టింది అలా తిరిగి రాదు. ఏళ్ల తరబడి నిద్ర లేకపోతే శాశ్వతంగా ముడతలు వస్తాయని గట్టిగా చెప్పే ఆధారం ఎండకు ఉన్నంత లేదు. యాదగిరికి కూడా అదే చెప్పాను.

కంటి కింద నలుపుకు ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఉంది. అద్దం ముందు నిలబడి ఫోన్ టార్చ్ ముఖానికి ఎదురుగా పట్టుకోండి. నలుపు మాయమైతే అది గుంట వల్ల పడిన నీడ. ఎదురు వెలుతురులో కూడా ఉంటే, వేలితో చర్మాన్ని మెల్లగా పక్కకు లాగండి. నలుపు అదే చిక్కదనంతో ఉంటే అది రంగు, ఎక్కువగా వంశం నుంచి గానీ కళ్లు నలపడం వల్ల గానీ వచ్చింది. లాగితే నీలంగా ముదిరితే అది పలచటి చర్మం కింద కనిపించే రక్తనాళాలు. పొద్దున ఉబ్బి, సాయంత్రానికి తగ్గితే అది నీరు. నిద్ర సరిచేస్తే ఎక్కువగా తగ్గేవి ఈ చివరి రెండూ. మొదటి రెండింటికి నిద్రపోయి ఎదురుచూస్తే నిరాశే.

మూడో అడుగు: ముందు ఎండను ఆపడం, క్రీము తర్వాత

చికిత్స ఎండతోనే ఎందుకు మొదలుపెడతానంటే, యాదగిరి రెండు చెంపల మధ్య తేడా అంతా అక్కడే ఉంది. దారి చూడండి. హైదరాబాద్‌లో లోడు దించి మధ్యాహ్నం చౌటుప్పల్, చిట్యాల మీదుగా వెనక్కి వస్తుంటే బండి ముఖం తూర్పు, ఆగ్నేయం వైపు ఉంటుంది. డ్రైవర్ కుడి కిటికీ దక్షిణం, నైరుతి వైపు తెరుచుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా అక్కడే ఉంటాడు. పద్దెనిమిదేళ్లు ఆ ఎండ ఒకే చెంప మీద పడింది.

"అద్దం ఎక్కించుకుంటే?" అని ఆయన అడిగాడు. సగమే లాభం. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాల్లో 'బీ' రకం చర్మాన్ని కమిలిస్తుంది, దాన్ని గాజు ఆపుతుంది. 'ఏ' రకం లోపలి పొర దాకా దిగి కొల్లాజెన్‌ను తింటుంది. పక్క కిటికీ గాజు దాన్ని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. ముందు అద్దం వేరు, రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి 'ఏ' రకాన్నీ బాగానే ఆపుతుంది. చర్మం కమలకపోతే ఎండ తగల్లేదనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

అందుకని ఆయనకు చెప్పింది ఇది. కుడి చేతికి మణికట్టు దాకా నూలు చేతితొడుగు. తలకు కట్టుకునే రుమాలును కుడి కణత, చెంప, మెడ కప్పేలా దించుకోవడం. గుడ్డను వెలుతురుకు ఎత్తి చూడాలి, అవతలి బల్బు స్పష్టంగా కనిపిస్తే ఆ నేత పలచన. తెల్లటి పలచటి కండువాను నీళ్లలో తడిపి కప్పుకుంటే చల్లగా ఉంటుంది కానీ, తడిస్తే ఆ గుడ్డ ఎండను ఇంకా ఎక్కువ లోపలికి వదులుతుంది. ముదురు రంగు, దగ్గరి నేత గుడ్డ మేలు. కళ్లు చిట్లించకుండా అల్ట్రావయొలెట్ ఆపే కళ్లజోడు కూడా పెట్టుకోమన్నాను.

గుడ్డ కప్పలేని చోటికే సన్‌స్క్రీన్. ఎస్పీఎఫ్ 30 గానీ 50 గానీ ఉండాలి. ఎస్పీఎఫ్ అంకె ముఖ్యంగా 'బీ' రకం గురించి చెప్తుంది కాబట్టి, 'ఏ' రకం కోసం 'పీఏ' పక్కన మూడు గానీ నాలుగు గానీ ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. మంగు మచ్చలున్న వాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే రకం ఇంకా మంచిది. కంటికి కనిపించే వెలుతురు కూడా మన చర్మంలో మచ్చలను ముదురు చేస్తుంది, తెల్ల క్రీములు దాన్ని ఆపవు.

ఎక్కువమంది తప్పేది కొలత దగ్గర. చూపుడు వేలు, మధ్య వేలు మొదటి నుంచి చివరి దాకా రెండు గీతలు గీయండి, ముఖానికీ మెడకూ అంత కావాలి. బరువులో ఇంచుమించు ఒక గ్రాము. ఇంట్లోంచి బయల్దేరే ముందు ఒకసారి, తిరుగు ప్రయాణానికి ముందు ముఖం తుడుచుకుని ఒకసారి రాస్తే, 50 గ్రాముల ట్యూబు నెల తిరగకుండా అయిపోవాలి. నాలుగు నెలలు వచ్చిందంటే మీరు రాసింది పేరుకే. పొలంలో, మట్టి పనిలో, కట్టడాల మీద చెమటతో పనిచేసేవాళ్లకు రెండు గంటలకోసారి కావాలి. ఆ ఖర్చు పాలమూరు కూలీ మనిషి భరించలేడని నాకు తెలుసు. వాళ్లకు నేను ట్యూబు రాయను. వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల చొక్కా, మెడ వెనక జారే గుడ్డ చెప్తాను. అవి ట్యూబు కంటే తక్కువేం కావు.

రోజూ రాస్తే నిజంగా తేడా ఉంటుందా? ఆస్ట్రేలియాలోని నాంబూర్ అనే ఊళ్లో 900 మందికి పైగా, 55 ఏళ్లలోపు వాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజూ రాయమని, ఇంకో గుంపుకు వాళ్ల ఇష్టమని చెప్పారు. నాలుగున్నరేళ్ల తర్వాత చూస్తే రోజూ రాసినవాళ్ల చర్మం 24 శాతం తక్కువ ముదిరింది. వాళ్లది తెల్ల చర్మం కాబట్టి ఆ అంకె మనకు అచ్చంగా వర్తించదు. కానీ అందులో నడివయసు వాళ్లూ ఉన్నారు, ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం అనేవాళ్లకు అదే జవాబు.

నాలుగో అడుగు: బీడీని టీ నుంచి విడదీయడం

"ఎన్ని తాగుతావన్నా?" అంటే "కట్ట, మేడం. రాత్రి ట్రిప్పైతే ఒకటిన్నర" అన్నాడు. మానెయ్ అని చెప్తే ఎవరూ మానరు. ఏ బీడీ దేనికోసం తాగుతున్నాడో రాయించాను. ఆయన భార్య ట్రిప్పు షీటు వెనక గీతలు గీసి రాసింది. నిద్ర ఆపుకోవడానికి కొన్ని, లోడింగ్ దగ్గర వరసలో విసుగుకు కొన్ని, టీతో కొన్ని. టీతో తాగేవే అన్నిటికంటే ఎక్కువ.

నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది మొదలుపెట్టాం. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే గొంతు మండుతుంది, ఎక్కిళ్లు వస్తాయి, పనిచేయదు. నాలుగైదుసార్లు మెల్లగా నమిలి, ఘాటు తగలగానే చిగుళ్లకూ చెంపకూ మధ్య పెట్టి ఆగాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమిలి ఇంకోవైపు పెట్టాలి. అలా అరగంట. టీ తాగుతూ గానీ, తాగిన వెంటనే గానీ పెట్టుకుంటే నికోటిన్ నోట్లోంచి సరిగా ఎక్కదు, పావుగంట ఎడం ఉండాలి. ఆయన మొదటి వారం "గమ్ము పనిచేస్తలేదు" అని వచ్చింది ఈ కారణానికే. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగే వాడాలి. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ ఉచిత లైన్ 1800-11-2356 ఉంది. బీడీ మాని గుట్కా పట్టేవాళ్లను చూశాను. అది నోరు తెరుచుకోకుండా చేసే జబ్బు తెస్తుంది, దాని ముందు ముడతలు ఏపాటి.

మానిన కొన్ని వారాలకు చర్మంలో రక్తప్రసరణ మెరుగై బూడిదరంగు తగ్గుతుంది. పెదవి మీద నిలువు గీతలు మాత్రం పోవు, కొత్తవి ఆగుతాయి.

ఐదో అడుగు: నిద్రను రెండు ముక్కలుగానైనా పూర్తి చేయడం

రాత్రి లారీ తోలేవాడికి పదింటికి పడుకో అని చెప్పడం అన్యాయం. ఆయన పని వేళల్లో కదలని నాలుగైదు గంటలు వెతికాం. తెల్లవారుజామున మూడు నుంచి ఏడున్నర దాకా. ట్రిప్పు ఉన్నా లేకున్నా ఆ వేళ మాత్రం నిద్రే. మిగతా రెండు మూడు గంటలు మధ్యాహ్నం, అన్‌లోడింగ్ అయ్యే లోపు క్యాబిన్‌లో కళ్ల మీద నల్లగుడ్డ కట్టుకుని. పడుకోవడానికి ఆరు గంటల ముందు నుంచి టీ లేదు. నిద్ర ఆపుకోవడానికి టీ, బీడీ కాదు, బండి పక్కకు తీసి ఇరవై నిమిషాలు కునుకు. స్టీరింగ్ ముందు కునుకు ఆపుకోవడం ముఖం కంటే పెద్ద ప్రమాదం.

ఆయన గురక పెడతాడా అని భార్యను అడిగాను. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడితే, ఎనిమిది గంటలు పడుకున్నా ముఖం వాడిపోయే ఉంటుంది. అలాంటివాళ్లను ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి పంపుతాను. యాదగిరికి అది లేదు.

మందుల షాపు దగ్గర జరిగే తప్పు

రెండో నెలలో ఆయన మచ్చలు తగ్గి, చెంప ఎర్రగా నిగనిగలాడుతూ వచ్చాడు. నాకు సంతోషం కలగలేదు, భయమేసింది. ఏం రాస్తున్నావని అడిగితే జేబులోంచి ట్యూబు తీశాడు. ఒక మందుల షాపులో తెల్లబడే క్రీము అని ఇచ్చారట. దాని మీద చిన్న అక్షరాల్లో మొమెటాసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసోల్, ఫ్లూసినోలోన్ అన్న మాటలు కనిపిస్తే డాక్టరు చెప్పకుండా ముఖానికి రాయకండి. మొదటి రెండు మూడు వారాలు మెరుస్తుంది. తర్వాత చర్మం కాగితంలా పలచబడుతుంది, రక్తనాళాలు తేలుతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానితే మండుతుంది, మంటకు మళ్లీ రాస్తారు. వయసు దాచుకుందామని తెచ్చినదే చర్మాన్ని ముసలిది చేస్తుంది. ఆయన మొదలుపెట్టి పది రోజులే కాబట్టి వెంటనే ఆపించాను. నెలల తరబడి వాడినవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు దగ్గరికి రావాలి.

ఎండ దెబ్బను కొంతైనా వెనక్కి తిప్పే మందు ట్రెటినోయిన్. ఆయనకు 0.025 శాతం రాశాను. రాత్రి మాత్రమే, ముఖం మొత్తానికి బఠాణీ గింజంత, వారానికి రెండు రాత్రులతో మొదలు. మొదటి నెల పొట్టు లేస్తుంది, కాస్త మండుతుంది. అప్పుడు రోజులు తగ్గించి మాయిశ్చరైజర్ రాసుకోవాలి. ఫలితం చూడాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి. పగలు ఎండ నుంచి కాపాడుకోకుండా దీన్ని వాడితే మచ్చలు పెరుగుతాయి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు.

ఎండ ఖాతాలో వేయకూడనివి కొన్ని ఉన్నాయి. మెడ చుట్టూ మఖమల్ గుడ్డలా మందంగా నలుపు ఉంటే షుగర్ పరీక్ష చేయించండి. ముఖం పాలిపోతే రక్తం, పొద్దంతా ఉబ్బి ఉంటే థైరాయిడ్, కిడ్నీ చూపించాలి. నెల దాటినా మానని పుండు, ఆకారం మార్చుకుంటున్న మచ్చ ఉంటే క్రీము కాదు, డాక్టరు కావాలి.

ఏడాది తర్వాత ఫొటోలు

అదే గడప, అదే వెలుతురులో భార్యే తీసుకొచ్చింది. రెండు వారాల్లో కంటి కింద ఉబ్బు తగ్గింది. బీడీ మూడో నెలలో మానాడు, సంక్రాంతి లోడింగ్ వరసలో మళ్లీ ఓ వారం తాగాడు, మళ్లీ మానాడు. ఆరో నెలకు కుడి చెంప మచ్చలు పలచబడ్డాయి. కంటి చివరి నాలుగు గీతల్లో రెండు ఇంకా లోతుగానే ఉన్నాయి, అవి ఉంటాయి. ఎడమ చెంప ఇప్పుడు 43 అంటుంది, కుడి చెంప 50 అంటుంది.

ఆ రోజు ఆయన వెంట పంతొమ్మిదేళ్ల కొడుకు కూడా వచ్చాడు. ఆ వారమే క్లీనర్‌గా బండెక్కాడట. వాడు కూర్చునేది ఎడమ సీట్లో. రుమాలు ఎటువైపు దించాలో తండ్రే చూపిస్తున్నాడు.